బాయిలరులో సున్నం

నాకూ బడికీ ఐదో తరగతిలోనే తెగిపోయింది. అయివారు నన్ను బెంచీ ఎక్కించినప్పుడల్లా నేను కిటికీలోంచి చూసి, వీధిలో ఎవరు పోతున్నారో, ఏం మోసుకుపోతున్నారో క్లాసుకంతా చెప్పేవాణ్ణి. చివరికి ఆయనే మా నాయనను పిలిపించి, "వీణ్ణి ఏదన్నా చేతిపనిలో పెట్టప్పా, నోటికి కాస్త విశ్రాంతి దొరుకుతాది" అన్నాడు. అట్ల పైపుల పనిలో పడినాను. చేతికి పని దొరికింది గానీ నోటికి విశ్రాంతి దొరకలేదు.

అప్పట్లో తిరపతిలో వీధికొక లాడ్జి లేస్తాండె. కొండకు పోయేవాళ్ళంతా ముందు తలకు పోసుకోవాల. చలికాలంలో వేడినీళ్ళు లేని లాడ్జిలో ఎవరూ దిగరు. అందుకని ప్రతి లాడ్జి వెనకా ఒక ఇనప బాయిలరు, దాని కింద ఎప్పుడూ మండే పొయ్యి, ఆ పక్కన సర్వి కట్టెల కొట్టం. కట్టెలు శ్రీహరికోట వైపు సముద్రపు గట్టు నించి లారీల్లో వచ్చేవి. ఆడ రాకెట్లు ఎగరేస్తారని అందరూ చెప్పుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వైపు నించి వచ్చేది ఇదొక్కటే, మండేది.

రైల్వే స్టేషను దగ్గరి ఒక లాడ్జి ఓనరు ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించినాడు. ఆయన్ను అందరూ సావుకారు అనేవాళ్ళు. నేను గదిలోకి పోగానే ఆయన తలుపు మూసినాడు. కిటికీ మూసినాడు. తర్వాత ఫ్యాను కూడా ఆపినాడు.

"ఫ్యానుకు చెవులుండవు సామీ," అన్నాను.

"నీకు నోరు మాత్రం ఉండాది. ఈ మాట బయటికి పోకూడదు." నా దగ్గరికి వంగినాడు. "నా వేడినీళ్ళు ఎవరో దొంగిలిస్తాండారు."

నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగినాను. దొంగలు నగలు దోస్తారని విన్నాను, సైకిళ్ళు దోస్తారని విన్నాను. వేడినీళ్ళు దోచేవాడు ఎంత తొందరగా పరిగెత్తాలో అనుకున్నాను.

సావుకారు లెక్క ఇది. మునుపు పై అంతస్తు దాకా వేడినీళ్ళు ధారగా వచ్చేవి. ఇప్పుడు నూలుపోగంత వస్తున్నాయి. పోనీ కట్టెలన్నా తగ్గినాయా అంటే, పోయిన చలికాలం కంటే జాస్తిగా పోతున్నాయి.

"నీళ్ళు రావు, కట్టెలు పోతాయి. మధ్యలో ఎవరుండారు?"

మధ్యలో ఉండేది బాయిలరు మామ. ఆయన పేరు ఎవరూ పిలవరు, ఊరంతటికీ బాయిలరు మామే. సన్నగా, పొడుగ్గా, పొగకు ఎర్రబడిన కళ్ళతో ఉంటాడు. ఎప్పుడూ ఆకు నములుతుంటాడు. నడుముకు ఒక ఇత్తడి సున్నం డబ్బీ, దాని పక్కనే కట్టెల కొట్టం తాళంచెవి వేలాడుతుంటాయి. బాయిలరు పక్కనే చిన్న గది, దాంట్లో ఆయనా పెండ్లామూ కాపురం. పని పోతే గది కూడా పోతాది.

"తాళంచెవి నిన్ననే లాక్కున్నా," అన్నాడు సావుకారు. "వాడు కట్టెలు అమ్ముకుంటాండాడు. అదొకటి. రెండోది, వెనక గోడలోంచి పక్క కాఫీ హోటలోనికి పైపు వేసినాడని నా అనుమానం. ఆ పైపు నువ్వు కనిపెట్టాల. వానికి తెలియకుండా."

"గోడ తవ్వేది తెలియకుండానా సామీ?"

"ఏదో రిపేరు అని చెప్పు."

నేను నేరుగా బాయిలరు దగ్గరికి పోయి, మామ పక్కన కూర్చున్నాను.

"మామా, సావుకారు నన్ను నీ మీద కాపలా పెట్టినాడు. హోటలోనికి నువ్వు వేసిన దొంగపైపు యాడుండాదో ఇప్పుడే చెప్పేయి. నాకు గోడలు తవ్వే పని తప్పతాది."

మామ నన్ను కింది నించి పైకి చూసినాడు. ఆకు ఊసి, నోరు తుడుచుకున్నాడు.

"దొంగను పట్టేదానికి వచ్చినోడు ఎవడన్నా ముందే చెప్తాడా? చెప్పినావంటే దీంట్లో ఇంకేదో ఉండాది."

నిజం చెప్పి నమ్మకం పోగొట్టుకునేది అంటే ఏందో ఆ రోజు తెలిసింది. అప్పటినించి నేను ఉన్నంతసేపూ ఆయన తన గది తలుపుకు గొళ్ళెం వేసి, గొళ్ళేనికి ఎదురుగా కూర్చునేవాడు. నేను టీ తెప్పిస్తే ముందు నన్ను తాగమని, నేను తాగినాక కూడా తాగేవాడు కాదు.

హోటలు వైపు గోడంతా తట్టి చూసినాను. బోలుగా పలికిన చోటల్లా తవ్వినాను. బల్లి గుడ్లు దొరికినాయి, తుప్పు మేకులు దొరికినాయి, పైపు దొరకలేదు. కాఫీ హోటలు వాళ్ళు అటువైపు నిలబడి, "ఏమప్పా, మా దోశ రహస్యం గోడలో ఉందనుకుంటాండావా?" అని ఒకటే నవ్వు.

గోడ అయిపోయినాక పైపు పట్టుకున్నాను. ఈ లాడ్జిలో నీళ్ళు పోయే దారి చాలా సులువు. మిద్దె మీద ట్యాంకు. ఆడనించి చల్లనీళ్ళ పైపు నేరుగా పెరట్లోకి దిగి బాయిలరు అడుగున దూరుతాది. బాయిలరు నెత్తి మీది నించి వేడినీళ్ళ పైపు లేచి, స్నానాల గదులన్నిటికీ ఎక్కుతాది. ట్యాంకు పైన ఉండాది కాబట్టి ఆ బరువే వేడినీళ్ళను పైకి నెడతాది. మోటరు పనేమీ లేదు. దొంగ ఉంటే ఈ రెండు పైపుల్లోనే ఉండాల.

పొయ్యి ఆరిన మధ్యాహ్నం వేడినీళ్ళ పైపును బాయిలరుకు పైన ఒక మూర కోసినాను. రంపం పైపు దాటినాక కూడా ఇంకా ఏదో కోస్తాంది. రంపం పళ్ళు రాతి మీద గీసినట్టు కరకరమంటున్నాయి. ముక్క ఊడదీసి వెలుగులోకి పట్టుకున్నాను. పైపు గోడకు లోపలంతా తెల్లటి రాయి అతుక్కోనుండాది. ఉంగరాలు ఉంగరాలుగా, ఒక దాని మీద ఒకటి. మధ్యలో మిగిలిన దారిలో నా చిటికెన వేలు కూడా దూరలేదు.

సరే, చల్లనీళ్ళ పైపు కూడా చూద్దామని దాన్నీ కోసినాను. లోపల రవంత తుప్పు తప్ప శుభ్రంగా ఉండాది.

రెండు ముక్కలూ తీసుకుపోయి సావుకారు ముందర పెట్టినాను. ఇంక దొంగ లేడు, రాయి అడ్డం పడింది, అంతే అని చెప్పబోయినాను. ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"చల్లనీళ్ళ పైపులో లేదు," అన్నాడు.

"లేదు సామీ."

"వేడినీళ్ళ పైపులో ఉండాది."

"ఉండాది."

"అంటే ఈ రెండిటికీ మధ్యలో వేసినారు. మధ్యలో ఏముండాది? బాయిలరు. బాయిలరు దగ్గర ఎవరుండారు?" గోరుతో తెల్లరాయిని గీకి, పొడిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది సున్నం. వాని నడుముకు ఏమి వేలాడతాందో చూసినావు కదా?"

"ఆ డబ్బీతో ఈ పైపు నింపాలంటే సామీ, మామ వాళ్ళ ముత్తాత కాలం నించీ పోస్తా రావాల."

"నవ్వులాట కాదు. డబ్బీ కాకపోతే బస్తా. పైకి నీళ్ళు రాకుండా చేసి, కట్టెలు జాస్తిగా పోతాండాయని చూపించి, మిగిలింది అమ్ముకుంటాండాడు."

నేను బయటికైతే నవ్వినాను గానీ, నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ లోపల గుచ్చుకునింది. చల్లనీళ్ళ పైపులో లేనిది వేడినీళ్ళ పైపులోకి ఎట్ల వచ్చింది? నేను పైపుల పనివాణ్ణి. అప్పటిదాకా పైపు కారితే మూసేది, మూసుకుపోతే మార్చేది తెలుసు. ఎందుకు మూసుకుపోయింది అని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

మామను అడిగినాను. "బాయిలరులో నువ్వేమన్నా పోస్తావా మామా?"

"కింద నిప్పు పోస్తాను. పైన నీళ్ళు అవే వస్తాయి." తనే మళ్ళీ చెప్పినాడు. "ఒకటి మాత్రం ఉండాది. పోయినేడు నించీ లోపల సద్దు. నిప్పు బాగా పట్టుకున్నాక ఎవరో గులకరాళ్ళు వేయించినట్టు. టపటప, టపటప. సావుకారుతో చెప్పినా. నన్నే ఒక మాదిరిగా చూసినాడు."

"పోయినేడు ఏం మారింది?"

"ఏం మారింది? పాతబావి ఎండిపోతే కొత్త బోరు ఏసినారు కదా."

ఆ బోరు సంగతి వీధిలో తెలియనివాడు లేడు. పాతబావి ఎండినాక అందరూ ట్యాంకర్ల వెంట పడితే, సావుకారు బోరు లారీ పిలిపించి రాతిలోకి దించి నీళ్ళు పట్టినాడు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్ళు చూసేవాణ్ణి తానే దూరం నించి పిలిపించినాననీ, ఆ చోటు తానే చూపించినాననీ, గుక్క తాగితే తియ్యగా ఉంటాయనీ దిగిన ప్రతి యాత్రికునికీ చెప్పేవాడు. ఆ బోరును మాటనేది అంటే సావుకారును మాటనేదే.

ఆ వారంలోనే మద్రాసు నించి ఒకాయన లాడ్జీలన్నీ తిరుగుతా ఈడికీ వచ్చినాడు. తిరుత్తణి వైపు మనిషి, తెలుగులో అరవం కలిపి మాట్లాడతాడు. చేతిలో తోలు పెట్టె, పెట్టె నిండా సీసాలు. నీళ్ళను మెత్తగా చేసే మిషను అమ్ముతానన్నాడు.

"నీళ్ళు మెత్తగా కాకుండా గట్టిగా ఉంటాయా?" అన్నాడు సావుకారు నా వైపు కన్ను కొట్టి.

"ఉంటాయి సార్. పరీక్ష ఊరికే. సీసాలో నీళ్ళు పోసి, నా సబ్బు మందు చుక్కలు వేసి ఊపుతాను. నురగ నిలబడితే మెత్తనివి. పెరుగు విరిగినట్టు తెల్లగా విరిగి, నురగ రాకపోతే గట్టివి."

ఊరికే అన్న మాటకు సావుకారు కూర్చోమన్నాడు. ఆ సీసాల మనిషి మోసం పట్టించే పని నేను నెత్తికెత్తుకున్నాను. బోరు నీళ్ళు తెస్తానని చెప్పి మిద్దె ఎక్కి, ముందు రోజు వానకు గంగాళంలో నిండిన నీళ్ళు సీసాలో పట్టుకొచ్చినాను. ఏ నీళ్ళు ఇచ్చినా గట్టివే అంటాడు, అప్పుడు పట్టుకుందామని.

ఆయన చుక్కలు వేసి ఊపినాడు. బుస్సుమని నురగ లేచి నిలబడింది. సీసాను చూసినాడు, నన్ను చూసినాడు.

"ఇవి బోరు నీళ్ళయితే నేను సాయంత్రం రైలెక్కి పోతాను. వాన నీళ్ళు తెచ్చినావు తంబీ."

అసలు బోరు నీళ్ళు తెచ్చినాను. ఊపితే తెల్లగా విరిగినాయి. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఊపుడు. నురగ ఊసే లేదు.

"రాతి లోపల సున్నం ఉంటాది," అన్నాడు సీసాల మనిషి. "నీళ్ళు అక్కడ నిలిచి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. చల్లగా ఉన్నంతవరకు కంటికి కనపడదు, చక్కెర కరిగినట్టే. కాగినప్పుడు ఆ సున్నం నీళ్ళలో నిలవలేదు. రాయిగా మారి, వేడి తగిలిన చోట అతుక్కుంటాది. అందుకే చల్లనీళ్ళ పైపు బాగుంటాది, బాయిలరూ వేడినీళ్ళ పైపూ మూసుకుపోతాయి. తాగేదానికి ఈ నీళ్ళకు ఏ దోషమూ లేదు సార్. రుచిగా కూడా ఉంటాయి."

ఆఖరి మాట సావుకారుకు నచ్చింది. ముందరి మాటలు నచ్చలేదు.

"నా బోరులో సున్నం ఉందంటావు. ఆ పొయ్యి దగ్గరోడు పోయలేదంటావు. వాడు నిన్ను ముందే కలిసినాడా?"

అప్పుడు తెర పక్కకు జరిగింది. సావుకారు కాపురం లాడ్జి ముందు భాగంలోనే, ఆఫీసుకూ వంటింటికీ మధ్య ఒక పాత తెర. సావుకారమ్మ రెండు పాత్రలు తెచ్చి మేజా మీద పెట్టింది. ఒకటి తాగేనీళ్ళ ఇత్తడి బిందె. ఇంకొకటి కాఫీకి నీళ్ళు కాచే అల్యూమినియం గిన్నె. బిందె లోపల తళతళలాడతాంది. గిన్నె అడుగున, పక్కల, పైపులో ఉన్నట్టే తెల్లటి పొర.

"రెండిట్లోనూ మీ బోరు నీళ్ళే," అనింది. "ఒకటి కాగినాయి, ఇంకోటి కాగలేదు. పోయినేడు నించి ఎంత తోమినా పోలేదు. ఆ పొయ్యి దగ్గరి ఆయప్ప పొద్దున్నే వచ్చి నా వంటింట్లో కూడా సున్నం పోసి పోతాండాడా?"

సీసాల మనిషి నిమ్మకాయ అడిగినాడు. గిన్నె పొర మీద ఒక చుక్క, పైపు ముక్క మీద ఒక చుక్క పిండినాడు. రెండు చోట్లా ఒకే మాదిరి చిన్న చిన్న బుడగలు లేచినాయి.

సావుకారు చాలాసేపు ఆ బుడగలనే చూసినాడు. తర్వాత, "సున్నం బోరుదే అనుకుందాం. కట్టెలు ఎవరివి?" అన్నాడు.

దానికీ సీసాల మనిషి దగ్గర జవాబు ఉండె. రాయి పొర వేడిని నీళ్ళకు పోనీదు. కంబళి కప్పినట్టే. నిప్పు వేడంతా పొగగొట్టంలో పోతాది, మళ్ళీ కట్టె వేయాల్సి వస్తాది. సావుకారు తల ఊపలేదు.

"నాకేం అమ్ముతావు?"

"బాయిలరుకు పోయే పైపుకు మాత్రం ఒక చిన్న మిషను సార్. మిగతా నీళ్ళకు వద్దు. తాగేవాటికి వద్దు, మరుగుదొడ్లకు వద్దు, నేల కడిగేదానికి వద్దు. కాచే నీళ్ళకు మాత్రమే చాలు. కానీ అంతకుముందు బాయిలరులో ఉండే పాత రాయిని యాసిడ్‌తో కడగాల. మిషను కొత్త రాయి పట్టకుండా చేస్తాది. పాతదాన్ని తీయదు."

ఆయన అట్ల గడప దాటినాడో లేదో, సావుకారు నా చెయ్యి పట్టుకున్నాడు. "చూసినావా? చిన్నది చాలంటాడు. తక్కువ అమ్మేవాడు ఎక్కడో ఎక్కువ లాగుతాడు. అది ఆ యాసిడ్. మిషను పెట్టుకుందాం, యాసిడ్ వద్దు."

అట్లనే పెట్టినాం. నిలువుగా ఒక ఇనప పీపా, దాని నెత్తిన తిప్పే వాల్వు, పక్కన ఉప్పునీళ్ళు కలిపేదానికి తొట్టి. పీపాలో పోసిన గింజలను నేనే చేతిలోకి తీసుకుని చూసినాను. ఆవాలంత, తేనె రంగు. వేడినీళ్ళ పైపు మూసుకుపోయినంత మేరా కొత్తది వేసినాను.

మామకు ఉప్పు బస్తా చూసి మండింది. "ఉప్పు పోసి నీళ్ళు తియ్యగా చేస్తారంట. నా చెవిలో పూలు కనపడతాండాయా?"

మిషను సంగతి సీసాల మనిషి నాకు చెప్పింది ఒక మాదిరి, నేను మామకు చెప్పింది ఒక మాదిరి. "ఆ గింజలు బస్సు సీట్లు అనుకో మామా. ముందే అన్ని సీట్లలోనూ ఉప్పోళ్ళు కూర్చోనుంటారు. బోరు నీళ్ళతో సున్నపోళ్ళు ఎక్కుతారు. సున్నపోళ్ళను చూస్తే ఉప్పోళ్ళు లేచి సీటు ఇచ్చి నీళ్ళతో కూడా దిగిపోతారు. ఉప్పోళ్ళు బాయిలరుకు పోయినా రాయి కట్టరు. నాలుకకు తెలిసేంత ఉప్పు కూడా ఉండదు. సీట్లన్నీ సున్నపోళ్ళతో నిండినాక ఇంక కొత్త సున్నపోళ్ళు నిలబడి అట్లనే బాయిలరుకు పోతారు. అప్పుడు నువ్వు ఏం చేస్తావు?"

"బస్సు ఆపుతా."

"ఆపి, మొదట కింది నించి నీళ్ళు ఎదురు తోసి గింజలు వదులు చేస్తావు, మురికి పోతాది. తర్వాత తొట్టిలో నించి చిక్కటి ఉప్పునీళ్ళు నిదానంగా పంపిస్తావు. ఒక్కసారిగా అంతమంది ఉప్పోళ్ళు దొమ్మీగా ఎక్కితే సున్నపోళ్ళు సీట్లు వదిలి మోరీలో పడతారు. నోట్లో వేసుకుంటే ఉప్పగా లేనంతవరకు మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ బస్సు నడుపుతావు."

"నువ్వు కండక్టరుగా పోయుండాల్సింది," అన్నాడు మామ. నమ్మినట్టు లేదు గానీ, వాల్వు తిప్పేది మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాడు.

పై అంతస్తుకు నీళ్ళు బాగా ఎక్కినాయి. ఎక్కవా మరి, కొత్త పైపు కదా. కొండ మీద గుండు చేయించుకుని వచ్చిన ఒక పెద్దాయన, మీ నీళ్ళతో తలకు రుద్దిన సబ్బు ఎంత కడిగినా పోవడంలేదని గొడవ చేసినాడు. మెత్తనీళ్ళతో కడిగితే చర్మం అట్లనే జారుతుంటాది, సబ్బు ఎప్పుడో పోయుంటాది. సావుకారు మాత్రం ట్యాంకులో ఎవరో నూనె పోసినారేమోనని మిద్దె ఎక్కి చూసి వచ్చినాడు.

కట్టెలు తగ్గలేదు.

వాళ్ళిద్దరూ పొయ్యి ముందర నిలబడిన సాయంత్రం నాకు ఇంకా కళ్ళలో ఉండాది. సావుకారు చేతులు వెనక్కి కట్టుకుని, నెమ్మదిగా మాట్లాడినాడు. అరిచుంటే బాగుండేది.

"పైపు మార్పించినా. మిషను పెట్టించినా. సున్నం లేని నీళ్ళే పోతాండాయి, సీసా ఊపి నా కళ్ళతో చూసినా. ఇంక ఒంక చెప్పేదానికి ఏమీ మిగల్లేదు. కట్టె అదే మాదిరి పోతాంది. కొండ మీద ఉత్సవాల జనం తగ్గినాక నువ్వు గది ఖాళీ చెయ్యి."

 సావుకారు పోయినాక మామ నా వైపు తిరిగినాడు.

"మిషను రాకముందు అనుమానమే ఉండె. నువ్వూ ఆ సీసాలోడూ కలిసి దాన్ని రుజువు చేసినారు. యాడికి పోవాల నేను? నా పెండ్లాం పొద్దునించి గిన్నెలు మూట కడతాంది."

నాకు అప్పుడు నోట మాట రాలేదు. నా జీవితంలో అట్ల జరిగింది చాలా తక్కువ. ఊరకే పొయ్యి దగ్గర కూర్చున్నాను. లోపల టపటపమని గులకరాళ్ళు వేగుతున్నాయి. మెత్తనీళ్ళు పోతున్నా వేగుతున్నాయి. పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టబోతే బారెడు దూరానికే సెగ కొట్టింది. అప్పుడు తట్టింది. పైపు కోసి చూసినాం, గిన్నె తిప్పి చూసినాం, సీసా ఊపి చూసినాం. బాయిలరు లోపల మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. పాత రాయిని మిషను తీయదని సీసాల మనిషి చెప్పనే చెప్పినాడు. మేము దాన్ని సరుకు అంటగట్టే మాట అనుకున్నాం.

సావుకారు దగ్గరికి పోయి, "బాయిలరు మూత విప్పుతాను సామీ. కట్టెలు ఎవరు తింటాండారో లోపల కనపడకపోతే నేను నోరు మూసుకుంటాను," అన్నాను.

"ఎంతసేపు?"

"అదేంది సామీ, నా నోరు గురించి అడుగుతాండారా, బాయిలరు గురించా?"

ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టినాడు. తాను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేనూ మామా కలిసి లోపల ఏమన్నా పెట్టి తీసినట్టు చూపిస్తామేమోనని.

పొయ్యి ఆర్పి, బాయిలరు చల్లారినాక నీళ్ళు వదిలేసి, బోల్టులు విప్పి మూత తీసినాం. మధ్యలో నిప్పు పోయే గొట్టం ఉంటాది, దాని చుట్టూ నీళ్ళు నిలుస్తాయి. ఆ గొట్టం ఇనుము ఎక్కడా కనపడలేదు. గోడకు గారె పూసినట్టు బొటనవేలి మందాన తెల్లరాయి. అడుగునంతా రాలిన పెచ్చులు కుప్పగా. మామ లోపలికి తొంగి చూసి, తన డబ్బీని చేత్తో తడుముకున్నాడు.

"ఇంత సున్నం ఉంటే నేను జీవితమంతా ఆకు వేసుకునేవాణ్ణి కదా సామీ," అన్నాడు. సావుకారు ముందర ఆయన హాస్యమాడింది నేను వినడం అదే మొదటిసారి.

సావుకారు కుర్చీ లోంచి లేచి, సుత్తి అడిగి, తానే ఒక పెచ్చు కొట్టినాడు. కింద ఇనుము నల్లగా కాలి ఉండాది. ఆ పెచ్చును చేతిలో అటూ ఇటూ తిప్పినాడు. "సీసాలోణ్ణి పిలిపించు," అన్నాడు. అంతే.

సీసాల మనిషి వచ్చి, నీళ్ళలో కలిపి పలుచన చేసిన యాసిడ్‌లో ఇనుమును తినకుండా ఇంకేదో మందు చేర్చి పోసినాడు. లోపల సోడా కొట్టినట్టు సుయ్యిమని ఒకటే పొంగు. పొగగొట్టం, తలుపులు అన్నీ తెరిచి, దగ్గర నిప్పు రానీయకుండా, మొహం పక్కకు పెట్టుకుని నిలబడినాం. పొంగు నిలిచేదాకా ఉంచి వదిలేస్తే మోరీలో పాలు పోసినట్టు తెల్లగా పారింది. కాఫీ హోటలు వాళ్ళు మళ్ళీ వచ్చినారు. తర్వాత సోడాపొడి కలిపిన నీళ్ళతో, ఆ తర్వాత మంచినీళ్ళతో కడిగినాం. గొట్టం ఇనుము బయటపడింది.

మరుసటి పొద్దున మామ నిప్పు వేసి, బాయిలరుకు చెవి పెట్టుకుని కూర్చున్నాడు. సద్దు లేదు. మొదటి కట్టెలు సగం కూడా కాలకముందే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగినాయి. ఆయన అలవాటు కొద్దీ ఇంకో మొద్దు అందుకుని, దాన్ని చేతిలోనే పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ కుప్ప మీద పెట్టినాడు.

వారం తిరక్కముందే సావుకారు తాళంచెవి తీసుకుని పెరట్లోకి వచ్చినాడు. క్షమించమని అడగడం ఆయన వంశంలో లేదు. తాళంచెవిని చూపుడువేలుకు తగిలించి చాపినాడు.

"తీసుకో. కట్టె లారీ వస్తాంది."

మామ చెయ్యి చాపలేదు. గూట్లోంచి ఒక సీసా తీసినాడు. సీసాల మనిషి దగ్గర అడిగి తీసుకున్నది. మిషను దాటినాక ఉండే కొళాయి కింద పట్టి, సబ్బు మందు చుక్కలు వేసి, సావుకారు చేతిలో పెట్టినాడు.

"ఊపండి సామీ."

"నువ్వు ఊపితే చాలదా?"

"నేను ఊపితే రేపు ఇంకొక అనుమానం వస్తాది. ఉప్పు అమ్ముకున్నావంటారు. సీట్లు నిండినాక వాల్వు తిప్పలేదంటారు. వారానికొకసారి మీరే దిగి వచ్చి ఊపండి. నురగ వస్తే నేను పని చేసినట్టు. రాకపోతే ఆ రోజే అడగండి. ఏడాది తర్వాత అడగొద్దు."

సావుకారు నా వైపు చూసినాడు. నేను ఆకాశం వైపు చూసినాను. ఆయన సీసా ఊపినాడు. నురగ మూత దాకా లేచి, నిలబడింది. అప్పుడు మామ తాళంచెవి తీసుకుని, డబ్బీ పక్కన దాని పాత చోట్లోనే తగిలించుకున్నాడు. గదిలో ఆయన పెండ్లాం మూట విప్పుతున్న గిన్నెల సద్దు వినపడింది.

ఆ తర్వాత చాలామంది నన్ను అడిగినారు, మాకు కూడా ఆ మిషను కావాలా అని. నేను ముందు సీసా ఊపి, తర్వాత వాళ్ళ కాఫీ గిన్నె తిప్పి చూసేవాణ్ణి. తమ బావి నీళ్ళతో నురగ బాగా వచ్చేవాళ్ళకు వద్దని చెప్పేవాణ్ణి. బోరు నీళ్ళను బాయిలరులో పోసేవాళ్ళకు కావాలనేవాణ్ణి. వద్దని నేను చెప్పినవాళ్ళు నన్ను నమ్మినారు, కావాలని చెప్పినవాళ్ళు నాకు మద్రాసు నించి ఏదో కమీషను అందుతాందని అనుకున్నారు.

సావుకారు బతికున్నంతకాలం వారం తప్పకుండా పెరట్లోకి దిగి సీసా ఊపేవాడు. మామ పక్కనే నిలబడి, నురగను కాకుండా ఆయన మొహాన్నే చూసేవాడు. ఇక మామ, నేను తెప్పించిన టీ తాగేదానికి ఒప్పుకున్నాడు. కాకపోతే ఆఖరిదాకా ముందు నన్నే తాగమనేవాడు.